చెవి కాలువలో ఇన్ఫెక్షన్: చుక్కలు చాలా, ఆరబెడితే చాలా, మాత్రలు కూడా కావాలా?

వేసవి సెలవుల్లో మా ఓపీకి వచ్చే చెవిపోటు కేసుల్లో సగానికి సగం ఒకేలా మొదలవుతాయి. పిల్లాడు ఈత నేర్చుకుంటుంటాడు. నాలుగో రోజో ఐదో రోజో చెవిలో దురద పుడుతుంది. నీళ్లు పోయాయేమో అని ఇయర్ బడ్ పెట్టి తిప్పుతారు. మర్నాటికి ఆ చెవి వైపు తల ఆనించి పడుకోలేడు, అన్నం నములుతుంటే నొప్పి. ఆ సాయంత్రానికి ఇంట్లో మూడు సలహాలు తయారవుతాయి. అమ్మమ్మ వెల్లుల్లి వేసి కాచిన నూనె పోయమంటుంది, పక్కింటివాళ్లు తమ ఇంట్లో మిగిలిన చుక్కల సీసా ఇస్తారు, మందుల షాపులో యాంటీబయాటిక్ మాత్రల పట్టీ చేతిలో పెడతారు.

వీటిలో ఏది ఎవరికి, ఎప్పుడు అన్నదే ఇక్కడ విషయం. నా మాట ముందే చెప్పేస్తాను. బయటి చెవి కాలువలో వచ్చే ఇన్ఫెక్షన్‌కి ఎక్కువమందికి మాత్రలు అక్కర్లేదు. చుక్కలు చాలు. కానీ ఆ చుక్కలు చెవిలో పడితే చాలదు, వాచిన చర్మాన్ని తాకాలి. చుక్కలు పనిచేయలేదని మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి తప్పు మందుది కాదు. మందు లోపలికి చేరలేదు, అంతే.

ముందు ఇది ఏ చెవిపోటో చూసుకోండి

చెవి డిప్పను మెల్లగా వెనక్కి, పైకి లాగండి. చెవి రంధ్రానికి ముందు, బుగ్గ వైపు తలుపులా ఉండే చిన్న బొడిపెను వేలితో నొక్కండి. ప్రాణం పోయినట్టు నొప్పి వేస్తే అది దాదాపుగా బయటి కాలువ ఇన్ఫెక్షనే. కర్ణభేరికి లోపల, అంటే మధ్య చెవిలో ఇన్ఫెక్షన్ అయితే డిప్ప లాగినా పెద్దగా తేడా ఉండదు. దానికి ముందు సాధారణంగా జలుబు చేస్తుంది, జ్వరం వస్తుంది, చిన్నపిల్లలైతే రాత్రి ఉన్నట్టుండి ఏడుపు లంకించుకుంటారు. ఒక్కోసారి భరించలేని నొప్పి హఠాత్తుగా తగ్గిపోయి, ఆ వెంటనే చెవి కారుతుంది. కర్ణభేరికి చిల్లు పడిందని దాని అర్థం. ఆ వైద్యం వేరు, ఇక్కడ చెప్పేది దానికి వర్తించదు.

ఎంపికను తేల్చే నాలుగు ప్రశ్నలు

మొదటిది, కాలువ తెరుచుకుని ఉందా, వాచి మూసుకుపోయిందా? పెద్దవాళ్లలో ఈ కాలువ రెండున్నర సెంటీమీటర్లు ఉంటుంది. వాపు పెరిగితే గుండుసూది దూరేంత సందే మిగులుతుంది. అప్పుడు ఎంత మంచి చుక్కలైనా గుమ్మం దగ్గరే ఆగిపోతాయి.

రెండోది, కర్ణభేరి బాగుందా? చిల్లు ఉంటే కొన్ని రకాల చుక్కలు లోపలి చెవికి హాని చేస్తాయి, వినికిడి పోవచ్చు. ఎప్పుడో చీము కారిన చెవి అయినా, చెవికి ఆపరేషన్ జరిగి ఉన్నా, చుక్కలు వేయగానే గొంతులో చేదు తగిలినా చిల్లు ఉండొచ్చనే అనుకోవాలి.

మూడోది, ఇన్ఫెక్షన్ కాలువలోనే ఉందా, బయటికి పాకిందా? చెవి డిప్ప ఎర్రబడి వేడిగా ఉండటం, బుగ్గ మీదికో మెడ మీదికో ఎరుపు దిగడం, జ్వరం రావడం బయటికి పాకిందనడానికి గుర్తులు.

నాలుగోది, ఆ చెవి ఎవరిది? సుగర్ ఉన్నవాళ్లు, కీమోథెరపీ తీసుకుంటున్నవాళ్లు, కిడ్నీ మార్పిడి జరిగినవాళ్లు, చాలాకాలంగా స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నవాళ్లు మిగతా అందరితో సమానం కాదు. వీళ్ల చెవిపోటును నేను ఎప్పుడూ వేరే లెక్కలో చూస్తాను.

| మార్గం | ఎవరికి సరిపోతుంది | దేనికి చాలదు |
|---|---|---|
| ఆరబెట్టడం మాత్రమే | నీళ్లు నిలిచి దిబ్బడ, కాస్త దురద, నొప్పి లేనివాళ్లు | నొప్పి మొదలైన చెవి |
| చుక్కలు, ఆరబెట్టడం | డిప్ప లాగితే నొప్పి, కాలువ తెరుచుకుని ఉన్నవాళ్లు | పూర్తిగా వాచి మూసుకుపోయిన కాలువ |
| శుభ్రం చేయించి, వత్తి పెట్టించుకుని చుక్కలు | కాలువ మూసుకుపోయినవాళ్లు, చీము నిండినవాళ్లు | కాలువ దాటి పాకిన ఇన్ఫెక్షన్ |
| చుక్కలతో పాటు మాత్రలు | డిప్పకు, ముఖానికి పాకినవాళ్లు, జ్వరం ఉన్నవాళ్లు. సుగర్ వంటివి ఉంటే డాక్టర్ చూసి నిర్ణయిస్తారు | ఫంగస్‌కు పనిచేయవు, మామూలు ఈత చెవిపోటుకు అక్కర్లేదు |

ఆరబెట్టడం: ఒక్కటే చాలదు, అది లేకపోతే ఏదీ పనిచేయదు

చెవిలో గులిమి మురికి కాదు. కాలువ చర్మానికి అది పూత. కొంచెం పుల్లటి గుణం ఉండటంతో సూక్ష్మజీవుల్ని పెరగనివ్వదు. రోజూ గంటసేపు నీళ్లలో నానితే ఆ పూత కరిగిపోతుంది, చర్మం ఉబ్బుతుంది. దాని మీద బడ్‌తోనో పిన్నీసుతోనో గీకితే కంటికి కనబడని గీతలు పడతాయి. సూడోమోనాస్ అనే బ్యాక్టీరియాకు తడి ఉన్నచోటే ఇల్లు. ఆ గీతల్లోంచి అది లోపలికి దిగుతుంది.

అందుకే ఒట్టి దిబ్బడ, దురద దశలోనే ఉన్నవాళ్లు రెండు మూడు రోజులు ఈత మానేసి, చెవిని ముట్టుకోకుండా పొడిగా ఉంచితే అంతటితో సర్దుకోవచ్చు. నొప్పి మొదలయ్యాక మాత్రం ఇదొక్కటే చాలదు, చుక్కలు కావాలి. అప్పుడు కూడా పొడిగా ఉంచకపోతే ఉదయం వేసిన మందును స్నానం నీళ్లు కడిగేస్తాయి.

స్నానానికి వెళ్లేముందు వేలి కొనంత దూది ఉండ చేసి, దాని బయటి వైపు వాజిలిన్ బాగా పట్టించి చెవి గుమ్మంలో పెట్టండి. లోపలికి తోయవద్దు. స్నానం కాగానే తీసి పారేయండి. చాలామంది ఆ దూదిని రోజంతా ఉంచేసుకుంటారు. లోపల చెమ్మ బయటికి పోయే దారి లేక చెవి మరింత నానుతుంది. తలస్నానం ఆ వారం మానేస్తే మేలు. తప్పనిసరైతే తల పక్కకు వంచి, చెవి వైపు నీళ్లు రాకుండా పోసుకోండి. తర్వాత తల అటూ ఇటూ వంచి నీళ్లు ఒంపేసి, హెయిర్ డ్రయర్ ఉంటే అతి తక్కువ వేడిలో, అడుగు దూరం నుంచి ఒక నిమిషం గాలి పట్టండి. ఇయర్‌ఫోన్లు, వినికిడి మిషన్ నొప్పి తగ్గేదాకా పక్కన పెట్టాలి.

నూనె గురించి గట్టిగానే చెప్పాలి. మా అమ్మ కూడా మా చిన్నప్పుడు చెవిలో నూనె పోసింది, ఆవిడ ప్రేమను తక్కువ చేయడం లేదు. కానీ వాచిన కాలువలో నూనె పోస్తే అది చీముతో, రాలిన చర్మంతో కలిసి జిగురులా పేరుకుంటుంది. దాని మీద వేసిన చుక్కలు చర్మాన్ని తాకలేవు. కాచిన నూనె సరిగా చల్లారకుండా పోసి కాలువ కాలిన పిల్లల్ని నేను చూశాను. నొప్పికి పారాసెటమాల్ వాడండి. పెద్దవాళ్లకు కాలువ బాగా వాచి ఉంటే, కడుపు, కిడ్నీ సమస్యలు లేకపోతే ఐబూప్రోఫెన్ ఇంకొంచెం బాగా పనిచేస్తుంది. పిల్లలకు ఏదైనా బరువును బట్టే.

చుక్కలు: ఏ సీసా ఎవరికి

మాత్రల కన్నా చుక్కలే ఎందుకు మేలో ఒక లెక్కతో తెలుస్తుంది. సిప్రోఫ్లాక్సాసిన్ చెవి చుక్కల మీద 0.3 శాతం అని ఉంటుంది. అంటే ఒక మిల్లీలీటరులో 3 మిల్లీగ్రాములు, మరోలా చెబితే 3000 మైక్రోగ్రాములు. అదే మందు 500 మిల్లీగ్రాముల మాత్ర మింగితే రక్తంలో ఒక మిల్లీలీటరుకు రెండు మూడు మైక్రోగ్రాములకు చేరుతుంది. చుక్క రూపంలో చర్మానికి అందేది దానికి వెయ్యి రెట్లు. ల్యాబ్ రిపోర్టులో ఈ మందు పనిచేయదని వచ్చినా, అదే మందు చుక్కలుగా పనిచేయడం మేం తరచూ చూస్తాం. ల్యాబ్ చూసేది రక్తంలో ఉండే మోతాదు లెక్కన, చెవిలో ఉండేది దానికన్నా ఎన్నో రెట్లు.

మామూలు ఈత చెవిపోటుకు నా మొదటి ఎంపిక సిప్రోఫ్లాక్సాసిన్‌తో డెక్సామెథసోన్ కలిసిన చుక్కలు. డెక్సామెథసోన్ స్టెరాయిడ్, వాపు తగ్గిస్తుంది. వాపు తగ్గితే నొప్పి తగ్గుతుంది, మందుకు దారీ తెరుచుకుంటుంది. స్టెరాయిడ్ అనగానే తల్లిదండ్రులు భయపడతారు. వారం రోజులు చెవిలో వేసే నాలుగు చుక్కలతో ఒంటికి హాని జరగదు. వాపు తక్కువగా ఉంటే స్టెరాయిడ్ లేని ఒఫ్లాక్సాసిన్, సిప్రోఫ్లాక్సాసిన్ చుక్కలు సరిపోతాయి. ఈ కుటుంబపు మందుల మరో మేలు ఏమిటంటే, కర్ణభేరికి చిల్లు ఉన్నా లోపలి చెవికి హాని చేయవు. కర్ణభేరి కనబడనంతగా వాచి ఉన్న చెవికి నేను వీటినే రాస్తాను.

నియోమైసిన్, జెంటామైసిన్ ఉన్న చుక్కలు కూడా పనిచేస్తాయి, ధర తక్కువ. కానీ చిల్లు ఉన్న చెవిలో వీటిని వేస్తే వినికిడికి ముప్పు. పైగా నియోమైసిన్ కొందరికి పడదు. చుక్కలు వేసిన కొద్దీ దురద, ఎరుపు పెరుగుతూ డిప్ప తమ్మె దాకా పొట్టు లేస్తుంటే అది ఇన్ఫెక్షన్ పెరగడం కాదు, మందు పడకపోవడం. ఆ సీసా ఆపేయాలి.

ఎసిటిక్ యాసిడ్ చుక్కలు, అంటే పలచటి వెనిగర్ గుణమున్నవి, తేలికపాటి ఇన్ఫెక్షన్‌లో మొదటి వారం బాగానే పనిచేస్తాయి. వాపు ఎక్కువగా ఉంటే తగ్గడానికి ఎక్కువ రోజులు పడుతుంది. ఒరిసిన చర్మం మీద మంట పుడుతుంది కాబట్టి పిల్లలకు నేను ఇవ్వను.

ఫంగస్ సంగతి వేరుగా చెప్పాలి. మన కోస్తా ఉక్కలో ఇది తక్కువేం కాదు. నొప్పి కన్నా దురద ఎక్కువ, చెవి దిబ్బడ. లోపల చూస్తే తడిసిన న్యూస్‌పేపర్ ముద్దలా ఉండి, మీద నల్లటి చుక్కలు కనబడతాయి. యాంటీబయాటిక్ చుక్కలు వారాల తరబడి వాడిన చెవిలో ఇది ఎక్కువగా చూస్తాం. బ్యాక్టీరియా చచ్చాక ఖాళీ అయిన చోటును ఫంగస్ ఆక్రమిస్తుంది. ఆ ముద్దను డాక్టర్ పూర్తిగా తీసేశాక క్లోట్రిమజోల్ చుక్కలు వాడాలి. ముద్ద తీయకుండా సీసాలు సీసాలు పోసినా ఉపయోగం తక్కువ. షాపుల్లో యాంటీబయాటిక్, స్టెరాయిడ్, ఫంగస్ మందు, మత్తు మందు నాలుగూ కలిపిన చుక్కలు దొరుకుతాయి. దేనికైనా తగులుతుందిలే అని అవే ఇచ్చేస్తుంటారు. మత్తు మందు నొప్పిని మరిపించి రోగం ముదిరేదాకా తెలియనివ్వదు. చెవి చూడకుండా వాటిని కొనకండి.

ఇక వేసే పద్ధతి. సీసాను గుప్పిట్లో రెండు నిమిషాలు పట్టుకుని ఒంటి వేడికి తీసుకురండి. చల్లటి చుక్కలు పడితే కళ్లు తిరుగుతాయి. నొప్పి ఉన్న చెవి పైకి వచ్చేలా పడుకోండి. పెద్దవాళ్లకైతే డిప్పను పైకి, వెనక్కి లాగాలి. మూడేళ్లలోపు పిల్లలకు కిందికి, వెనక్కి. సాధారణంగా మూడు నాలుగు చుక్కలు, రోజుకు రెండుసార్లు, సీసా మీద, చీటీలో ఉన్నదాని ప్రకారం. చుక్కలు కాలువ గోడ మీదుగా జారేలా వేయండి, నడిమధ్యలో వేస్తే గాలి బుడగ అడ్డుపడి మందు పైనే తేలుతుంది. ఇప్పుడు ఆ ముందరి బొడిపెను వేలితో పదిసార్లు మెల్లగా నొక్కి వదలండి. లోపల పిచ్‌పిచ్‌మని చప్పుడైతే మందు దిగుతున్నట్టు. ఐదు నిమిషాలు అలాగే పడుకోండి. ఈ ఐదు నిమిషాలే అందరూ ఎగ్గొట్టేది. ఎవరికివారు వేసుకోవడం కన్నా ఇంట్లో ఇంకొకరితో వేయించుకుంటే మందు సరిగా పడుతుంది.

రెండో రోజుకే నొప్పి తగ్గినా వారం రోజులూ వేయాలి. సీసా తెరిచిన నెలకు పారేయాలి, పక్కింటికి ఇవ్వకూడదు.

కాలువ మూసుకుపోతే: వత్తి

పోయిన మే నెలలో వచ్చిన పదకొండేళ్ల బాబు సంగతి చెబితే ఇది అర్థమవుతుంది. నీటి కాలువలో ఈత, ఐదో రోజుకు నొప్పి. షాపులో అమోక్సిసిలిన్, క్లావులానిక్ యాసిడ్ కలిసిన మాత్రలు ఇచ్చారు. మూడు రోజులు మింగాడు. నొప్పి ఇసుమంత తగ్గలేదు, విరేచనాలు పట్టుకున్నాయి. తగ్గకపోవడంలో వింత లేదు, సూడోమోనాస్ మీద అమోక్సిసిలిన్ పనిచేయదు. పక్కింటివాళ్ల చుక్కలూ వేశారు. అవి వేసిన వెంటనే బయటికి కారిపోయేవని వాళ్లమ్మ చెప్పింది. ఆ ఒక్క మాటతో కాలువ మూసుకుపోయిందని తెలిసిపోయింది.

చూస్తే సందు అగ్గిపుల్ల మందం కూడా లేదు. జ్వరం లేదు, డిప్ప మామూలు రంగులోనే ఉంది, చెవి వెనక వాపు లేదు. అంటే ఇన్ఫెక్షన్ కాలువ దాటలేదు. మాత్రలు ఆపించాను. సన్నటి సక్షన్ గొట్టంతో చీము తీసి, నొక్కిపెట్టిన స్పాంజి వత్తిని లోపలికి పంపాను. దాని మీద చుక్కలు పడగానే అది ఉబ్బి గోడలకు అంటుకుంటుంది, మందును పీల్చుకుని చివరిదాకా మోస్తుంది. వత్తి పెట్టేటప్పుడు బాబు చాలా ఏడ్చాడు, ఆ నిమిషం నొప్పి నిజంగానే ఎక్కువ. కర్ణభేరి కనబడలేదు కాబట్టి సిప్రోఫ్లాక్సాసిన్, డెక్సామెథసోన్ చుక్కలు రాశాను, పొద్దున నాలుగు, రాత్రి నాలుగు, వత్తి మీదే. నొప్పికి పారాసెటమాల్.

రెండో రాత్రి నిద్రపోయాడు. మూడో రోజు వత్తి దానంతటదే జారి బయటికి వచ్చింది. వాపు తగ్గితేనే అలా జారుతుంది. ఆ రోజు కర్ణభేరి కనబడింది, చక్కగా ఉంది. మిగతా రోజులు మామూలుగా చుక్కలు వేసి వారం పూర్తి చేశారు. పది రోజులకు మళ్లీ నీళ్లలో దిగాడు.

మాత్రలు ఎప్పుడు తప్పవు

ఇన్ఫెక్షన్ డిప్పకో ముఖానికో మెడకో పాకి చర్మం ఎర్రగా వేడిగా ఉన్నప్పుడు, జ్వరం వచ్చినప్పుడు చుక్కలు అక్కడికి చేరవు. మందు రక్తం ద్వారానే వెళ్లాలి. చర్మానికి పాకినప్పుడు ఎక్కువగా స్టెఫిలోకాకస్ అనే బ్యాక్టీరియా ఉంటుంది, దానికి తగిన మందు ఇస్తాం. సూడోమోనాస్ అనిపిస్తే పెద్దవాళ్లకు సిప్రోఫ్లాక్సాసిన్ మాత్రలు. ఏది అన్నది చెవి చూసినవాళ్లు తేల్చాల్సిందే. మాత్రలు మొదలుపెట్టినా చుక్కలు ఆపరు, రెండూ కలిసే సాగాలి. కాలువ గుమ్మంలో సెగ్గడ్డ లేస్తే కొన్నిసార్లు మాత్రలతో పాటు చిన్న గాటు పెట్టి చీము తీయాలి.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది సుగర్ ఉన్న పెద్దవాళ్ల చెవిపోటు. అరవై దాటిన ఒకావిడ మూడు వారాల నొప్పితో వచ్చింది. సుగర్ అదుపులో లేదు. రెండు సీసాల చుక్కలు అయిపోయాయి. పగలు ఓర్చుకోగలదు, రాత్రయితే తలలో లోతుగా పోటు, నిద్ర లేదు. అంతకుముందు ఎక్కడో గులిమి అని చెవిలోకి సిరంజితో నీళ్లు కొట్టించుకుంది. సుగర్ ఉన్నవాళ్ల చెవిలో అలా నీళ్లు కొట్టడం మంచిది కాదు. లోపల చూస్తే కాలువ అడుగున ఎర్రటి కండ పెరిగి ఉంది. ఇన్ఫెక్షన్ కాలువ చర్మం దాటి పుర్రె అడుగు ఎముకలోకి దిగిందనడానికి అది పెద్ద గుర్తు. స్కాన్‌లోనూ అదే తేలింది. ఇలాంటివాళ్లకు వారం మందులు కాదు, ఆరు నుంచి ఎనిమిది వారాలు యాంటీబయాటిక్ కావాలి, తరచుగా ఆసుపత్రిలో ఇంజెక్షన్లతో మొదలవుతుంది. సుగర్ అదుపులోకి రావాలి. ఆవిడ ముఖం వంకర పోకముందే వచ్చింది కాబట్టి బయటపడింది. ఆలస్యమైతే ఆ పక్క ముఖపు నరం దెబ్బతిని నోరు వంకర పోతుంది, కన్ను మూతపడదు.

కాబట్టి సుగర్ ఉన్నవాళ్లు చెవిపోటును ఇంట్లో చుక్కలతో చూసుకోవద్దు. మొదటి రోజే చెవి చూపించుకోండి. రాత్రి నొప్పితో మెలకువ వస్తుంటే డాక్టర్‌కు ఆ మాట విడిగా చెప్పండి.

48 నుంచి 72 గంటల గడువు

సరైన చుక్కలు సరిగా పడితే రెండు మూడు రోజుల్లో నొప్పిలో తేడా తెలియాలి. పూర్తిగా పోకపోయినా నిద్ర పట్టాలి. అప్పటికీ తేడా లేకపోతే రెండో సీసా కొనకండి, మాత్రలు మొదలుపెట్టకండి, చెవి మళ్లీ చూపించుకోండి. అప్పుడు మేం వెతికేవి ఇవి: మందు లోపలికి పోవడం లేదా, ఫంగసా, మందు పడలేదా, మధ్య చెవిలోంచి చీము కారుతోందా, ఇయర్ బడ్ దూది ముక్క లోపల ఉండిపోయిందా. చివరిది వినడానికి చిన్న విషయమే గానీ, పెద్దవాళ్ల చెవుల్లో కూడా ఆ ముక్కలు తీసిన సందర్భాలు నాకు చాలానే ఉన్నాయి.

ప్రతి వేసవికీ ఇదే చెవిపోటు తిరిగి వచ్చే ఈతగాళ్లకు ఇంకో మార్గం ఉంది. కర్ణభేరికి చిల్లు లేదని చూపించుకున్నాక, స్పిరిట్, తెల్ల వెనిగర్ సమపాళ్లలో కలిపి ఈత అయ్యాక చెవికి నాలుగైదు చుక్కలు వేసుకుని ఒంపేయొచ్చు. స్పిరిట్ తడిని ఎగరగొడుతుంది, వెనిగర్ పుల్లదనం తిరిగి తెస్తుంది. అప్పటికే నొప్పి ఉన్న చెవిలో మాత్రం ఇది వేస్తే మంట తప్ప ఇంకేం మిగలదు.